కర్త లేని వాక్యం

ఏప్రిల్ వచ్చిందంటే మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో అందరికీ నేను గుర్తొస్తాను. మిగతా పదకొండు నెలలూ "అరుణాదేవి మేడం ఒట్టి కోపిష్టి" అని వెనకాల అనుకునేవాళ్లే, ఏప్రిల్ మొదటి వారంలో మొహాన నవ్వు పులుముకుని నా గది గుమ్మంలో నిలబడతారు. సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం నింపాలి కదా మరి. ఏడాదంతా ఏం సాధించామో ఎవరికి వాళ్లు రాసుకోవాలి, దానికి ఆధారం జతచెయ్యాలి, ఎక్కడ వెనకబడ్డామో ఒప్పుకోవాలి, ఒకటి నుంచి ఐదు దాకా తమకు తామే మార్కు వేసుకోవాలి. తర్వాత పై అధికారి అది చదివి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, తన మార్కు వేస్తాడు. ఆ పైన కమిటీ అందరి మార్కులూ పక్కపక్కన పెట్టి చూసి ఖాయం చేస్తుంది. జీతం పెరగడం, కాంట్రాక్టు కొనసాగడం, పై పోస్టు రావడం, అన్నీ దానిమీదే.

రోజుకు ఎనభైమందికి రక్తం తీసేవాళ్లు కూడా ఆ ఫారం చూస్తే వణికిపోతారు. తెలుగులో రాసుకోవచ్చని మా యాజమాన్యం వెసులుబాటు ఇచ్చింది గాని, తెలుగులో మాత్రం తమ గురించి తాము రాసుకోవడం ఎవరికి వచ్చు? "శాంపిళ్ల తిరస్కరణ తగ్గించబడింది" అని రాసుకొస్తారు. ఎవరు తగ్గించారు నాయనా, దెయ్యమా? అని అడుగుతాను. నా దగ్గర ఒకటే సూత్రం. 'జరిగింది', 'చేయబడింది' అని రాయకూడదు. వాక్యంలో కర్త ఉండాలి, మంచికీ ఉండాలి, చెడుకీ ఉండాలి. నేను చేశాను, నేను చెయ్యలేదు. అలా రాస్తేనే చదివేవాడికి నమ్మకం. బందరులో మా తెలుగు మాస్టారు నేర్పిన వ్యాకరణం పంజాగుట్టలో ఇలా అక్కరకొచ్చింది.

నేను ఇక్కడ పదిహేడేళ్లుగా ఉన్నాను. రక్తనమూనాలు తీసే కలెక్షన్ విభాగానికి సూపర్‌వైజర్‌ని. పొద్దున్నే అమీర్‌పేట మెట్రో దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి ఆరున్నరకల్లా తలుపు తీయిస్తాను. అప్పటికే పరగడుపున వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఆకలితో ఉన్న మనిషికి అరగంట అంటే ఎంతో నాకు తెలుసు. అందుకే కిందటి ఏడాది నాకిచ్చిన లక్ష్యాల్లో మొదటిది: ఎదురుచూసే సమయం ఇరవైనాలుగు నిమిషాల నుంచి పన్నెండుకు తగ్గించడం.

ఈసారి నా ఫారం మీద నాకే ఆశ ఎక్కువ. బేగంపేట, సనత్‌నగర్‌తో కలిపి మా ఐదు శాఖలకూ కలెక్షన్ హెడ్ పోస్టు ఖాళీ అవుతోంది. నాలుగు మార్కు వస్తే నాదే. యాభైరెండేళ్లొచ్చాయి, ఇంకో అవకాశం రాదు. కావాలని ఉంది, గట్టిగా కావాలని ఉంది. అందులో సిగ్గుపడేదేం లేదు.

మొదటి గడిలో ఇలా రాశాను: "ఎదురుచూసే సమయాన్ని ఇరవైనాలుగు నుంచి పదకొండు నిమిషాలకు తగ్గించాను." ఆధారంగా టోకెన్ మెషీన్ రిపోర్టు పెట్టాను, జూన్, జూలై నెలలది. రెండో గడిలో, గడ్డకట్టి పాడై లాబ్ వెనక్కి పంపే శాంపిళ్లు నూటికి మూడు నుంచి ఒకటికి తగ్గాయనీ, అందుకు నేనిచ్చిన శిక్షణ ఫలానా తేదీల్లో అనీ రాసి, హాజరు పట్టీ జతచేశాను. మూడో గడి: లోపాలు. అక్కడ ఇలా రాశాను: "జూలైలో శాంపిల్ మార్పిడి పొరపాటు ఒకటి జరిగింది. తగిన చర్యలు తీసుకోబడ్డాయి."

చూశారుగా. అందరికీ నీతులు చెప్పే దాన్ని. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నా విషయంలో అది కూడా అబద్ధమే, నా నలుపు నాకు బాగా తెలుసు.

జూలైలో ఏం జరిగిందో, అదే, ఏం చేశామో చెబుతాను. పద్ధతి ప్రకారం రోగి కుర్చీలో కూర్చోగానే "మీ పేరేంటి, వయసెంత" అని అడగాలి. వాళ్లే చెప్పాలి, మనం పేరు చదివితే తల ఊపేస్తారు. అది కాగితంతో సరిచూసి, రక్తం తీసి, వాళ్ల ఎదురుగానే ట్యూబు మీద స్టిక్కర్ అంటించాలి. దీనికి మనిషికి ఓ రెండు నిమిషాలు పడుతుంది. జూన్ రెండో తారీఖున నేను మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: "రేపటి నుంచి స్టిక్కర్లు ముందే ట్యూబులకు అంటించి, టోకెన్ వరసలో ట్రేలో పెట్టండి. టైం కలిసొస్తుంది." కలిసొచ్చింది. వారం తిరక్కుండా పదకొండు నిమిషాలు. అందరూ చప్పట్లు కొట్టారు.

జూలై ఇరవైఒకటి, సోమవారం. హాలు కిక్కిరిసి ఉంది. నలభై ఒకటో టోకెన్ బతూల్ బేగం, సనత్‌నగర్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టే ఆవిడ, యాభై ఎనిమిదేళ్లు. నలభై రెండు స్వరాజ్యం గారు, రిటైరైన టీచరు. బతూల్ బేగం బాత్రూంకి వెళ్లింది. ఖాళీగా ఉంది కదా అని స్వరాజ్యం గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రక్తం తీసే మొగిలయ్య చెయ్యి ట్రేలో తర్వాతి ట్యూబు మీదకు పోయింది. దాని మీద బతూల్ బేగం పేరుంది. అతను పేరు అడగలేదు. ఐదు నిమిషాల తర్వాత బతూల్ బేగం రక్తం స్వరాజ్యం గారి పేరున్న ట్యూబులోకి పోయింది.

కిడ్నీలు పాడయ్యాయని రిపోర్టు చూసి స్వరాజ్యం గారు నాలుగు రోజులు అన్నం మానేశారు. అనుమానమొచ్చిన డాక్టరు మళ్లీ పరీక్ష రాస్తే అంతా బాగానే ఉందని వచ్చింది. అప్పుడు గాని మేము వెనక్కి వెతకలేదు. ఈలోగా అసలు జబ్బు మనిషి, అంతా బాగుందన్న కాగితం పట్టుకుని ఇంటికెళ్లి, కాళ్ల వాపు మిషన్ తొక్కడం వల్లే అనుకుని మిషన్ తొక్కుతూనే ఉంది. ఆరో రోజున ఆయాసంతో లక్డీకాపూల్ వైపు ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. బతికింది. వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఎలాగూ అవసరమయ్యేదే, ఆరు రోజుల తేడా అన్నారు డాక్టర్లు. ఆ ఆరు రోజులూ నావి.

ఆమె కొడుకు వచ్చి హాలు మధ్యలో అరిచాడు. మొగిలయ్య చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. నేను నా గదిలో, హాలు కనిపించే అద్దం వెనక, నిలబడే ఉన్నాను. బయటికి రాలేదు.

విచారణలో "మూలకారణం: కలెక్షన్ సిబ్బంది రోగి గుర్తింపు నిర్ధారించుకోలేదు" అని రాశారు. మొగిలయ్యకు మెమో ఇచ్చారు. నన్నడిగితే "పొరపాటు జరిగిందండీ" అన్నాను. అబద్ధం కాదు. తప్పు బయటపడ్డ మర్నాడే ముందు అంటించడం మానెయ్యమని నోటిమాటగా చెప్పేశాను. నిమిషాలు మళ్లీ ఇరవైఒకటికి ఎక్కాయి. అందుకే మరి నా ఆధారంలో జూన్, జూలై మాత్రమే ఉన్నాయి.

ఫారం ఇంకా పంపలేదు, రెండు రోజులు గడువుంది. ఆ మధ్యాహ్నం కలెక్షన్ రద్దీ తగ్గాక మొగిలయ్య వచ్చాడు. నలభై దాటిన మనిషి, నల్గొండ వైపు నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఇదే పని. దొరకని నరం అంటూ లేదతనికి. పసిపిల్లల్ని కూడా ఏడిపించడు. ఏడాది కాంట్రాక్టు, మేలో మళ్లీ రాయాలి. మెమో ఉన్నవాడికి మార్కు ఒకటి పడితే రాయరు.

"మేడం, జర సూడుర్రి," అని ఫోన్ అందించాడు. "మీరు చెప్పినట్టే రాసిన. జరిగింది అని ఏడ రాయలె."

చదివాను. సాధించినవి రెండే రాశాడు, పొందికగా. లోపాల గడిలో ఇలా ఉంది: "జూలై 21న నేను నలభై ఒకటి, నలభై రెండు టోకెన్ల పేషెంట్ల పేర్లు అడగలేదు. అడిగి ఉంటే తప్పు దొరికేది. తప్పు తెలిసిన తర్వాత ఒక్కరిని కూడా అడగకుండా తీయలేదు. దీనికి ఆధారం నా దగ్గర లేదు. నాకు నేను వేసుకునే మార్కు: 1."

ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

"ఒకటేంటి మొగిలయ్యా? ఒకటి వేసుకుంటే ఏమవుతుందో తెలుసా నీకు?"

"ఎర్కే మేడం. కాంట్రాక్ట్ పోతది. కని నాకు నేను రెండు ఏసుకుంటే ఆ తల్లి మొకం గుర్తొస్తది."

"స్టిక్కర్లు ముందే అంటించి ఉన్నాయి కదా. అది రాయలేదే?"

ఎందుకు అడిగానో నాకే తెలియదు. రాశాడేమో అని భయం, రాయలేదేమో అని ఇంకో భయం.

"అది నేను చేసింది కాదు గదా మేడం," అన్నాడు నెమ్మదిగా. "మీరే చెప్పిండ్రు, నా ఫారంల నా సంగతే రాయాలె అని. గా సంగతి ఎవలదో వాళ్ల ఫారంల ఉంటది."

దెప్పిపొడుపు కాదు, అదే బాధ. నిజంగానే అలా ఉంటుందని అనుకుంటున్నాడతను. నేను రాసి ఉంటానని నమ్ముతున్నాడు.

"రెండు వేసుకో," అన్నాను. "ఒక్క తప్పు ఏడాదంతా కాదు. పాడైన శాంపిళ్లు అందరికంటే తక్కువ నీవే, లాబ్ రిజిస్టరులో ఉంది, ఆ పేజీ జతచెయ్యి. తప్పు ఒప్పుకోవడం అంటే చేసిన మంచి దాచుకోవడం కాదు."

అతను వెళ్లాక నా ఫారం తెరిచాను. "పొరపాటు ఒకటి జరిగింది." ఎన్నిసార్లు చదివినా ఆ వాక్యంలో మనిషి లేడు. నేను ఎంత శుభ్రంగా తుడిచిపెట్టానో!

చెరిపేశాను. రాయడం గంట పట్టింది. నాలుగుసార్లు కొట్టేశాను. ప్రతిసారీ ఏదో ఒక మూల నుంచి సాకు దూరుతుంది: "రద్దీ దృష్ట్యా", "సదుద్దేశంతో". చివరికి మిగిలింది ఇది.

"జూన్ 2న నేను స్టిక్కర్లు ముందే అంటించమని చెప్పాను. ఇది మన రాతపూర్వక పద్ధతికి విరుద్ధమని నాకు తెలుసు. ఎదురుచూసే సమయం ఏడు వారాలు పదకొండు నిమిషాలకు తగ్గింది ఇందువల్లే. జూలై 21న ఇద్దరు పేషెంట్ల శాంపిళ్లు మారిపోవడానికి దారితీసింది నా ఆదేశమే. విచారణలో నేను ఈ మాట చెప్పలేదు. మొగిలయ్య పేరు అడగలేదన్నది నిజం, కానీ మూలకారణం అది కాదు."

మొదటి గడి కూడా మార్చాను. పన్నెండు నెలల టోకెన్ రిపోర్టు మొత్తం పెట్టి, "లక్ష్యం చేరుకోలేదు, సరైన పద్ధతిలో ఇరవైఒక నిమిషాలు" అని రాశాను. ఆ ఒక్క లక్ష్యానికి ఒకటి వేసుకున్నాను. పాడైన శాంపిళ్ల లక్ష్యానికి మాత్రం నాలుగు ఉంచాను. అది నిజం, నేను చేసిందే, దాన్నెందుకు వదులుకుంటాను?

ఆధారం కావాలి కదా. వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్లి ఆ మెసేజ్ పట్టుకుని స్క్రీన్‌షాట్ తీశాను. అప్పుడు కనిపించింది, నా మెసేజ్ కింద ఒక బొటనవేలు గుర్తు. నొక్కి చూస్తే కాశిఫ్ పేరు. మా క్వాలిటీ మేనేజరు. పద్ధతులు సరిగ్గా పాటిస్తున్నామా అని చూడవలసినవాడు, విచారణ రిపోర్టు రాసినవాడు, నా ఫారం మీద మార్కు వేయవలసినవాడు. కింది భాగం కత్తిరించి పెడదామా అనుకున్నాను. చాలాసేపే అనుకున్నాను. కత్తిరించిన ఆధారం ఆధారం కాదని, జూన్, జూలై రిపోర్టు పెట్టినప్పుడే నాకు తెలిసుండాలి. మొత్తం పెట్టి సబ్మిట్ నొక్కేశాను. నొక్కాక ఫారం లాక్ అయిపోతుంది, పై అధికారి వెనక్కి పంపితే తప్ప మార్చలేం.

మూడు రోజుల తర్వాత కాశిఫ్ పిలిచాడు. ముప్ఫై ఆరేళ్లవాడు, పంజాగుట్టలోనే పుట్టి పెరిగినవాడు, ఎప్పుడూ మర్యాద తప్పడు. టేబుల్ మీద రెండు చాయ్‌లు పెట్టించి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"మేడం, మీరు సోచాయించే రాసిండ్రా?"

"ఆలోచించే రాశానండి."

"గిట్లనే పోతే మీకు రెండు కన్న ఎక్కువ రాదు. పోస్టు బేగంపేట బ్రాంచి రవళికి పోతది. వార్నింగ్ లెటర్ సుత రావొచ్చు." చాయ్ నా వైపు జరిపాడు. "ఫారం వాపస్ పంపుత. మూడో గడి జర సాఫ్ చేసి మళ్ల పెట్టుండ్రి. ఎవ్వరికి తెల్వదు."

"పంపితే మళ్లీ ఇదే పెడతాను కాశిఫ్ గారూ."

అతను స్క్రీన్‌షాట్ తెరిచాడు. పెద్దది చేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మెడ మీదకు పోయింది.

"గీ బొటనవేలు నాదే గదా."

"మీదేనండి."

"నేను చదవలే మేడం. కసం, ఒట్టు. పొద్దున వంద మెసేజ్‌లు వస్తయి, అన్నింటికి గట్లనే నొక్కుత." మొహం పాలిపోయింది. "మూలకారణం సుత నేనే రాసిన. ముందు అంటించిన సంగతి మొగిలయ్య చెప్పిండు నాకు. నువ్వు అడగకపోవుడే అసలు తప్పు అని కోపం జేసిన."

ఇది నాకు తెలియదు. అంటే మొగిలయ్య చెప్పాడు. ఒక్కసారి చెప్పాడు, ఎవరూ వినలేదు, ఊరుకున్నాడు.

చాయ్ మీద మీగడ కట్టింది. కింద పంజాగుట్ట చౌరస్తాలో హారన్లు.

"ఇప్పుడు నేనేం రాయాలె మేడం?" అన్నాడు కాశిఫ్. నిజంగానే అడిగాడు, ఏప్రిల్‌లో నా గుమ్మం దగ్గర నిలబడే అందరిలాగే.

"అది మీ ఫారం," అన్నాను. అంతకంటే చెప్పే అర్హత నాకు లేదు.

ఫారం వెనక్కి రాలేదు. పదిహేను రోజులకు విచారణ మళ్లీ తెరిచారు. మూలకారణం మార్చారు: సూపర్‌వైజర్ ఆదేశం, క్వాలిటీ విభాగం గమనించకపోవడం, చివరగా పేరు అడగకపోవడం. బతూల్ బేగం ఇంటికి కాశిఫ్, నేనూ వెళ్లి అసలు విషయం చెప్పాం. ఆవిడ చివరిదాకా విన్నది. కొడుకు తలుపేసుకున్నాడు. మొగిలయ్య ఫైలులోంచి మెమో తీసేసి, మళ్లీ శిక్షణ తీసుకున్నాడన్న కాగితం పెట్టారు. అతనికి మూడు. కాంట్రాక్టు మరో ఏడాది. నాకు రెండు, వార్నింగ్ లెటర్. రవళికి పోస్టు. ఏడ్చాను. ఒకరోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. చేసింది మంచిపనే అయితే ఏడుపు రాదని ఎవరన్నారో గాని వాళ్లకేమీ తెలియదు.

కాంట్రాక్టు కాగితం మొగిలయ్యకు నేనే ఇచ్చాను. ఇవ్వవలసింది హెచ్.ఆర్. వాళ్లు, నేనే అడిగి తీసుకొచ్చాను. దాచడమెందుకు, అతను కళ్లనీళ్లు పెట్టుకుంటాడని, "మీ పుణ్యం మేడం" అంటాడని అనుకున్నాను. పోస్టు పోగొట్టుకున్న దానికి ఆ ఒక్క మాటైనా దక్కుతుందనుకున్నాను.

అతను కాగితం చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి రద్దీ తగ్గింది. కలెక్షన్ గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"తొమ్మిది నెలలు మేడం," అన్నాడు. "మా ఆడామెకు సుత చెప్పిన, నా చేతుల ఒక మనిషి పాణం పోయేదుండె అని. రక్తం తీస్తుంటె చెయ్యి వణుకుతుండె. నలభై ఏండ్లకు గిప్పుడు వణుకుడేంది అనుకున్న. తొమ్మిది నెలలు మీరు గా అద్దం ఎనకే ఉన్నరు. రోజు సూసిండ్రు నన్ను."

నా చూపు ఆ అద్దం మీదకు పోయింది.

"ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. గీ ఫారం రాకుంటె చెప్తుంటిరా?"

ఎంత తేలిక జవాబు! చెప్పేదాన్నే మొగిలయ్యా, సమయం కోసం చూస్తున్నాను అంటే సరిపోయేది. అతనికీ ఊరట, నాకూ గౌరవం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దానికి ఆధారం ఏమిటని నన్ను నేను అడిగాను. ఏమీ లేదు. ఒక్క రోజైనా, ఒక్క మెసేజైనా, అతని బల్ల దాకా నడిచి వచ్చిన ఒక్క అడుగైనా లేదు.

"చెప్పేదాన్ని కాదు," అన్నాను.

మొగిలయ్య నా మొహంలోకి చూశాడు. తొమ్మిది నెలల్లో అలా తలెత్తి చూడటం అదే మొదలు.

"గిది నిజం," అన్నాడు.

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. బయట ఎవరో టోకెన్ పట్టుకుని నిలబడ్డారు, అతను కుర్చీ చూపించి రమ్మన్నాడు.